ఆదివారం తరగతి – 9: పుస్తకం చూసి రాసే పరీక్ష

మొన్న సాయంత్రం మా కాలనీ మొదట్లో ఒకాయన నన్ను ఆపాడు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే పని ఆయనది. ఒక్కతే కూతురు. అప్పోసప్పో చేసి సీబీఎస్‌ఈ బడిలో వేశాడు. ఈ ఏడు తొమ్మిదో తరగతి.

"ఏటి మాస్టారూ, ఇకమీదట పరీచ్చలు పుస్తకం సూసి రాసీడమేనంట కదా. సూసి రాసీదానికి సదవడం దేనికి? ఇన్నేసి ఫీజులు కట్టడం దేనికి?"

ఆయన విన్నది అబద్ధం కాదు. తొమ్మిదో తరగతిలో పుస్తకం తెరిచి రాసే పరీక్షలు పెట్టాలని సీబీఎస్‌ఈ పాలకమండలి 2025 జూన్‌లో నిర్ణయించింది. 2026-27 నుంచి భాషలు, గణితం, సైన్స్, సోషల్‌లో టర్ముకు మూడు రాతపరీక్షల్లో భాగంగా పెట్టొచ్చన్నారు. పిల్ల చదువు కోసం ప్రతి నెలా లెక్క చూసుకునే తండ్రికి ఆ అనుమానం రావడం సహజం.

నేను నవ్వలేదు. నవ్వే హక్కు నాకు లేదు. ఎందుకంటే అలాంటి పరీక్ష నేనూ పెట్టాను, ఘోరంగా పెట్టాను. ఎక్కడ తప్పు చేశానో, ఒక పిల్ల నా తప్పు ఎలా పట్టుకుందో ఈ భాగంలో రాస్తాను. చదివే విద్యార్థుల్లో రేపు టీచర్లయ్యేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల కోసమే ఇంత పొడవు.

మనలో చాలామందికి ఈ పరీక్ష కొత్తదేమీ కాదు. ప్రభుత్వ టీచర్లను, గుమస్తాలను అడగండి. ఏపీపీఎస్సీ పెట్టే డిపార్ట్‌మెంటల్ టెస్టుల్లో కొన్ని పేపర్లు 'విత్ బుక్స్', కొన్ని 'వితౌట్ బుక్స్'. నా స్నేహితుడొకడు టీచరు. పరీక్ష ముందు రాత్రి వాడి ఇంటికి వెళ్తే పుస్తకం అంచుల నిండా రంగురంగుల చీటీలు అంటించి ఉన్నాయి. సెలవుల రూల్సుకి పసుపు, పెన్షన్‌కి ఆకుపచ్చ, క్రమశిక్షణ చర్యలకి ఎరుపు. "రూలు గుర్తుండక్కర్లేదురా, పేజీ గుర్తుంటే చాలు" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఆఫీసులో పనిచేసేవాడికి రూలు ఏ పేజీలో ఉందో వెతికి పట్టుకోవడం నిజంగానే అవసరమైన పని. కానీ అది వెతకడం. ఆలోచించడం దాని తర్వాతి మెట్టు.

మా లాయర్ల సంగతీ అంతే. ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ 2011లో మొదలైనప్పుడు పుస్తకాలు తీసుకెళ్లి రాసే పరీక్ష. 2021 అక్టోబరులో జరిగిన పదహారో పరీక్ష నుంచి గైడ్లు, నోట్సులు బయట పెట్టి, ఏ రాతా లేని ఉత్త చట్టాల పుస్తకాలు మాత్రమే రానిచ్చారు. ఆ మార్పు గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకుంది. నాకు మాత్రం అందులో ఒక పాఠం కనిపించింది. 'పుస్తకం తెచ్చుకోవచ్చు' అన్న వెంటనే అడగాల్సిన ప్రశ్న 'ఎవరి పుస్తకం?' అని. ఒకడి దగ్గర ప్రశ్నలూ జవాబులూ అచ్చేసిన వెయ్యి రూపాయల గైడు ఉంటుంది. పక్కవాడి దగ్గర సీనియర్ ఇచ్చిన, అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఉంటుంది. ప్రశ్న గైడులో ఉన్నదే అయితే ఆ పరీక్ష కొలిచేది గైడు ధరని.

ఇక నా తరగతి సంగతి.

ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో కూర్చుంటాం. డిగ్రీ పిల్లలు, గ్రూప్స్‌కి చదివేవాళ్లు, ఇంటర్ తప్పి మళ్లీ కట్టినవాళ్లు, అంతా కలిపి పద్దెనిమిది మంది. భోగాపురంలో కూర్చుని చదువుకునేవాళ్లకి పాఠంగా ఏ చట్టం పెట్టాలో నేను పెద్దగా వెతకాల్సిన పని లేదు. 2015లో విమానాశ్రయానికి భూసేకరణ మొదలైనప్పటి నుంచి ఈ మండలంలో ప్రతి ఇంటి అరుగు మీదా నలిగింది ఒక్కటే చట్టం. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం. దాంట్లో మూడో సెక్షన్‌లోని నిర్వచనాలు, వెనకాల ఉన్న రెండో షెడ్యూల్ తెలుగులోకి మార్చి, పన్నెండు పేజీలు జిరాక్స్ తీయించి అందరికీ పంచాను. ఒక గంట టైము, పది ప్రశ్నలు. "పుస్తకం చూసి రాయండి, భయపడకండి" అన్నాను.

నా ప్రశ్నలు ఇలా ఉన్నాయి. 'బాధిత కుటుంబం అనగానేమి?' 'రెండో షెడ్యూల్ ప్రకారం ఉద్యోగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం ఎంత?' 'మూడో సెక్షన్‌లో భూయజమానిని ఎలా నిర్వచించారు?'

గంట అయ్యాక కాగితాలు తీసుకుని ఇంటికొచ్చి, నేల మీద వరసగా పరిచాను. పద్దెనిమిది కాగితాల్లో మొదటి జవాబు అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. నేను జిరాక్స్‌లో చేసిన అచ్చుతప్పు కూడా పద్నాలుగు కాగితాల్లో అలాగే దిగింది. తేడా ఉన్నది ఒక్కచోటే. చేతివేగం ఉన్నవాళ్లు పది ప్రశ్నలూ రాశారు, నెమ్మదిగా చదివేవాళ్లు ఆరు దగ్గర ఆగిపోయారు. ఆ ఆగిపోయినవాళ్లలో తరగతిలో అందరికంటే గట్టిగా వాదించే పిల్ల కూడా ఉంది. నా పరీక్ష ప్రకారం ఆ పిల్లకి ఆరు మార్కులు.

అప్పుడు ఒక పని చేశాను. మా మేనల్లుడు పదో తరగతి. ఈ చట్టం పేరు కూడా వాడికి తెలియదు. వాడికి ఆ పన్నెండు పేజీలు, ప్రశ్నపత్రం ఇచ్చి అరగంట కూర్చోబెట్టాను. ఏడు సరిగ్గా రాశాడు. నాలుగు ఆదివారాలు పాఠం విన్నవాడికీ, అసలు వినని వాడికీ తేడా చూపించలేని పరీక్ష అది.

మీరు ప్రశ్నపత్రం తయారుచేసే రోజు వస్తే ఈ రెండు గుర్తులూ దగ్గర పెట్టుకోండి. జవాబులన్నీ ఒకే మాటల్లో ఉంటే మీరు పరీక్షించింది నకలు రాయడాన్ని. పాఠం వినని మనిషి పుస్తకం పట్టుకుని సరిగ్గా రాసేస్తే మీరు పరీక్షించింది వెతకడాన్ని. పుస్తకం మూసి పెట్టే పరీక్షకి 'అనగానేమి' ప్రశ్న కనీసం జ్ఞాపకాన్నైనా కొలుస్తుంది. పుస్తకం తెరిచాక అదే ప్రశ్న దేన్నీ కొలవదు.

మరి పుస్తకం తెరిచి పెట్టాక కొలవాల్సింది ఏమిటి? నాకు అర్థమైనంతలో చెప్తాను. కళ్ల ముందు మొత్తం సమాచారం ఉంది. ఒక మనిషి కష్టం కూడా ముందుంది. ఈ సమాచారంలో ఏ ముక్క ఆ కష్టానికి వర్తిస్తుంది, ఏది వర్తించదు, ఎందుకు? ఇదే ఆలోచన. కోర్టులో నేను రోజూ చేసేది ఇదే. డాక్టరు చేసేదీ ఇదే. చట్టం మొత్తం కంఠతా వచ్చినా ఈ పని రానివాళ్లను చూశాను.

రెండో పరీక్షకి ఒకే ఒక ప్రశ్న రాశాను. దాన్ని మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

'ఒక ఎస్సీ కుటుంబం. తెల్లకార్డు ఉంది. సెంటు భూమి లేదు. తల్లి ఎనిమిదేళ్లుగా ఊరి పక్క జీడితోటల్లో, సరుగుడు తోటల్లో కూలి చేస్తోంది. ఇంటికి ఆధారం ఆ కూలే. ఆ తోటలున్న భూమిని ఒక ప్రాజెక్టుకి తీసుకున్నారు. వాళ్ల ఇల్లున్న కాలనీ జోలికి మాత్రం రాలేదు. (అ) ఈ కుటుంబానికి చట్టం కింద ఏమైనా వస్తుందా? ఎందుకు? (ఆ) రెండో షెడ్యూల్‌లో వీళ్లకి వర్తించేవేవి, వర్తించనివేవి? (ఇ) ఆమె ఎనిమిదేళ్లుగా కాక రెండేళ్ల నుంచే అక్కడ పనిచేస్తూ ఉంటే మీ జవాబు మారుతుందా?'

ఈ ప్రశ్నలో నేను కావాలని చేసిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, ఏ సెక్షనో చెప్పలేదు. సెక్షన్ నంబరు ప్రశ్నలో ఇచ్చేస్తే సగం ఆలోచన మనమే చేసి పెట్టినట్టు. రెండోది, అవసరం లేని వివరాలు ఒకటి రెండు కలిపాను. తెల్లకార్డు ఉందా లేదా అన్నది ఇక్కడ జవాబుని మార్చదు. నిజ జీవితంలో మన దగ్గరికి వచ్చే మనిషి అవసరమైనవి మాత్రమే ఏరి చెప్పడు, అన్నీ కలిపి చెప్తాడు. ఏరుకోవడం మన పని. మూడోది, చివర్లో ఒక్క విషయం మార్చి మళ్లీ అడిగాను. అక్కడే తెలిసిపోతుంది, మొదటి జవాబు అర్థమై రాశారా లేక తగిలిందా అని.

టైము అదే గంట, కానీ ప్రశ్న ఒక్కటే. పన్నెండు పేజీలు ఆరయ్యాయి. ఆ ఆరు పేజీలు వారం ముందే అందరికీ ఇచ్చాను. నెమ్మదిగా చదివేవాళ్లు ఇంటి దగ్గర చదువుకుని రావాలి, పరీక్ష రోజు చదివే వేగం కొలవకూడదు. పాఠం ముందే ఇచ్చినా, ప్రశ్న మాత్రం ఆ రోజే. దీనికి కారణం ఉంది. సీబీఎస్‌ఈ 2014లో కూడా ఇలాంటిదే ఒకటి మొదలుపెట్టింది. తొమ్మిది, పదకొండు తరగతులకి, చదవాల్సిన పాఠం నెలల ముందే ఇచ్చి, దాని మీద పరీక్షలో ప్రశ్నలు అడిగేవారు. 2017-18 నాటికి ఆపేశారు. నెలల ముందు పాఠం చేతికొచ్చి, దాని మీద వచ్చే ప్రశ్నలు ఊహించడం తేలికైతే ఏమవుతుందో మనకి తెలియనిదా? జవాబులు బోర్డు మీద రాయించి బట్టీ పెట్టించేస్తారు. పుస్తకం తెరిచే పరీక్షకి కూడా బట్టీ పట్టించగలరు. అందుకే పుస్తకంలో లేని సంఘటన కావాలి, అది పరీక్ష రోజే కనబడాలి.

ఇక జవాబులు. ఈసారి ఏ రెండు కాగితాలూ ఒకలా లేవు. వాటిలో నాలుగు రకాలు చెప్తాను.

మొదటి రకం చూసి నేను చాలాసేపు కదల్లేదు. ఐదుగురు ఒకే ముక్క రాశారు: 'భూమి లేదు కాబట్టి ఏమీ రాదు.' పుస్తకం ఎదురుగా తెరిచే ఉంది. మూడో సెక్షన్‌లో 'బాధిత కుటుంబం' నిర్వచనం రెండో భాగం స్పష్టంగా చెప్తోంది. సొంత భూమి లేకపోయినా, కూలీలు, కౌలుదార్లు, పాలికి చేసేవాళ్లు, చేతివృత్తులవాళ్లు, సేకరణకి ముందు మూడేళ్లు ఆ ప్రాంతంలో పనిచేస్తూ ఉండి, వాళ్ల ముఖ్యమైన బతుకుతెరువు దెబ్బతింటే బాధిత కుటుంబమే. ఆ పేజీ వాళ్ల చేతిలోనే ఉంది. అయినా ఊళ్లో పదేళ్లుగా విన్న మాటే రాశారు. అప్పుడు నాకు తెలిసింది, పుస్తకం తెరిచి పెట్టినంత మాత్రాన కళ్లు తెరుచుకోవు. తలలో ఇదివరకే ఉన్న జవాబు ఎదురుగా ఉన్న పేజీని కూడా కప్పేస్తుంది. మూసిన పుస్తకం పరీక్షలో ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. మరిచిపోయారనుకునేవాడిని.

రెండో రకం, షెడ్యూల్‌లో ఉన్నవన్నీ ఒకటి నుంచి పదకొండు దాకా దించేసినవాళ్లు. ఇల్లు, భూమికి భూమి, ఉద్యోగం, చేపల హక్కు, అన్నీ. ఏదో ఒకటి తగులుతుందని. ఈ అలవాటు మనకి బడిలోనే నేర్పారు. ఎక్కువ పేజీలు రాస్తే ఎక్కువ మార్కులని. అందుకే 'వర్తించనివేవి' అన్న ముక్క ప్రశ్నలో తప్పకుండా ఉండాలి. వదిలేయడానికి కారణం రాయమంటే దించడం కుదరదు.

మూడో రకం ఒక చిన్న గోతిలో పడింది. షెడ్యూల్‌లో ఐదో అంశంలో ఎస్సీ, ఎస్టీలకి అదనంగా 50,000 రూపాయలనే మాట ఉంది. 'ఎస్సీ కుటుంబం' అని ప్రశ్నలో చూడగానే నలుగురు దాన్ని తీసుకొచ్చి పెట్టేశారు. వాక్యం చివరిదాకా చదివితే అది షెడ్యూల్డ్ ప్రాంతాల నుంచి నిర్వాసితులైన ఎస్సీ, ఎస్టీలకి. షెడ్యూల్డ్ ప్రాంతమంటే ఐదో షెడ్యూల్ కింద ప్రకటించిన ఏజెన్సీ ప్రాంతం. సముద్రం ఒడ్డున ఉన్న భోగాపురం అందులో లేదు. మన పేరు కనబడగానే మనకే అనుకోవడం ఎంత సహజమో నాకు తెలుసు. కానీ రేపు ఎదుటి లాయరు ఆ ఒక్క ముక్క పట్టుకుని మన అర్జీ మొత్తాన్ని తేలిక చేసేస్తాడు.

నాలుగో రకం, ఒకే ఒక్క కాగితం. మొదటి పరీక్షలో ఆరు దగ్గర ఆగిపోయిన పిల్లదే. జవాబు సగంలో ఆపేసి, నాకే ఒక ప్రశ్న రాసింది: 'అన్నా, మీరిచ్చిన తెలుగులో అన్నిచోట్లా నిర్వాసిత కుటుంబం అనే ఉంది. ఫోన్‌లో ఇంగ్లీషు చట్టం చదివితే రెండు వేరువేరు మాటలున్నాయి. మీరు రెండింటినీ ఒకటే చేశారా?'

చూసుకున్నాను. నిజమే. మూడో సెక్షన్‌లో 'బాధిత' అనే రాసిన నేను, షెడ్యూల్ తెలుగు చేసేటప్పుడు పేపర్ల అలవాటులో పడిపోయాను. మన పత్రికల్లో ప్రాజెక్టు వల్ల నష్టపోయిన ప్రతివాళ్లూ నిర్వాసితులే. చట్టంలో అలా కాదు. 'అఫెక్టెడ్' అంటే బాధిత కుటుంబం, బతుకుతెరువు పోయినా చాలు. 'డిస్‌ప్లేస్డ్' అంటే నిర్వాసిత కుటుంబం, ఉన్నచోటు వదిలి పునరావాస ప్రాంతానికి వెళ్లాల్సి వచ్చినవాళ్లు. ఆ తల్లి కుటుంబం మొదటిదే, రెండోది కాదు. నా ప్రశ్న మొత్తం ఆ తేడా మీదే నిలబడి ఉంది. ఆ తేడాని నా జిరాక్స్ చెరిపేసింది. పుస్తకం తెరిచి పెట్టే పరీక్షలో పుస్తకం తప్పైతే ప్రశ్న ఎంత బాగున్నా ఉపయోగం లేదు.

ఆ పరీక్ష రద్దు చేశాను. పేజీలు సరిచేసి, కీలకమైన మాటల పక్కన చట్టంలోని ఇంగ్లీషు మాటని తెలుగు అక్షరాల్లో కూడా పెట్టి, మళ్లీ వారం టైమిచ్చి, తోటల బదులు ఉప్పుమడుల్లో పనిచేసే కుటుంబంతో కొత్త ప్రశ్న రాశాను. మిగతా వివరాలు అవే. సరైన జవాబు ఇలా నడవాలి. ఈ కుటుంబానికి భూమి లేదు, కానీ మూడు షరతులూ కుదిరాయి: సేకరించే ప్రాంతంలోనే పని, మూడేళ్లు దాటిన పని, అదే ముఖ్యమైన ఆధారం. కాబట్టి బాధిత కుటుంబం. షెడ్యూల్ నాలుగో అంశం బాధిత కుటుంబాలకి మూడు దారులిస్తుంది. ప్రాజెక్టులో ఉద్యోగాలుంటే ఇంటికొకరికి పని, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకి 2,000కి తగ్గకుండా ఇరవై ఏళ్లు. పదో అంశంలోని 50,000 పునరావాస భత్యం కూడా 'ప్రతి బాధిత కుటుంబానికి' అనే ఉంది కాబట్టి వర్తిస్తుంది. ఇల్లు పోలేదు కాబట్టి ఒకటో అంశంలోని ఇల్లు రాదు. ఆరో అంశంలోని రవాణా ఖర్చు నిర్వాసితులకి మాత్రమే కాబట్టి అదీ రాదు. రెండేళ్లే పనిచేసి ఉంటే మూడేళ్ల షరతు దగ్గరే ఆగిపోతుంది.

(ఒక మాట. ఇది తరగతి కోసం కేంద్రం చేసిన మూల చట్టం మీద రాసుకున్న ప్రశ్న. మన రాష్ట్రం 2018లో దీనికి సవరణ చేసుకుంది. ఎవరి కేసైనా నిజంగా చూడాలంటే ఏ తేదీకి ఏ చట్టం నడుస్తోందో ముందు చూడాలి.)

ఇరవై మార్కులు ఎలా వేశానో కూడా చెప్పాలి. 'వస్తుంది' లేదా 'రాదు' అన్న ఒక్క మాటకి మార్కు లేదు. సరైన నిర్వచనం దగ్గరికి చేరినందుకు నాలుగు. మూడు షరతులనీ ప్రశ్నలోని వివరాలతో ఒక్కొక్కటిగా ముడిపెట్టినందుకు ఎనిమిది. వర్తించేవాటికి నాలుగు, వర్తించనివాటిని కారణంతో తీసేసినందుకు నాలుగు. ఈ పంపకం పరీక్షకి ముందే బోర్డు మీద రాశాను. దేనికి మార్కులో తెలియకపోతే పిల్లలు మళ్లీ పేజీలు నింపుతారు.

ఈసారి ఆ పిల్ల ఇంకో మడత తీసింది. ఐదో అంశంలో నెలకి 3,000 చొప్పున ఏడాది ఇచ్చే జీవనభృతి 'సేకరించిన భూమి నుంచి నిర్వాసితమైన' బాధిత కుటుంబానికి అని ఉంది. 'ఇంటి నుంచి అనలేదు, భూమి నుంచి అన్నారు. ఆ భూమి మీద పని నుంచి వెళ్లగొడితే భూమి నుంచి వెళ్లగొట్టినట్టు కాదా?' అని వాదించింది. మూడో సెక్షన్‌లో నిర్వాసిత కుటుంబం నిర్వచనం తన వాదనకి అడ్డమొస్తుందని తనే రాసింది, దానికి తన సమాధానమూ రాసింది. నేను జడ్జినైతే ఆ వాదన ఒప్పుకుంటానో లేదో. కానీ మార్కులు పూర్తిగా వేశాను. నా దగ్గరున్న జవాబుతో కలవకపోయినా, పేజీలోని మాటల మీద నిలబడి వాదిస్తే మార్కు వేయాలి. అలా వేయడానికి సిద్ధంగా లేని టీచరు పుస్తకం తెరిచే పరీక్ష పెట్టకూడదు.

దీనికి పరిమితులు లేవని అనను. పద్దెనిమిది కాగితాలు దిద్దడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. అరవై మంది ఉన్న సెక్షన్లు నాలుగు చూసే టీచరుకి ఇది పెద్ద బరువు. ఆ బరువు తగ్గించకుండా ప్రశ్న మార్చమంటే పాత ప్రశ్నలే తిరిగొస్తాయి. ఇంకోటి, పుస్తకం ఎదురుగా ఉంటుంది కదా అని ఏమీ చదవకుండా వస్తే కుదరదు. మూడో సెక్షన్‌కీ షెడ్యూల్‌కీ సంబంధం ఉందని ముందే తెలిసినవాడికే గంట సరిపోతుంది. పేజీలు తిప్పుతూ మొదటిసారి చదివేవాడికి మూడు గంటలైనా చాలదు.

తొమ్మిదో తరగతి తండ్రికి ఇదంతా చట్టం భాషలో ఎలా చెప్పను? అందుకే ఆయనకి తెలిసిన నీళ్లతో చెప్పాను. "సైన్స్ పుస్తకంలో ఆర్కిమెడీస్ సూత్రం ఉంటాది. అదేటని అడిగితే మీ పాప సూసి రాసేస్తాది. అదే, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాది కదా, సరుకున్న పడవ ఏటి నీళ్లలోంచి సముద్రంలోకి వెళ్తే కొంచెం పైకి తేలతాదా, ఇంకా మునుగుతాదా, ఎందుకు అని అడిగితే?"

ఆయన ఆలోచించాడు. "ఉప్పునీళ్లు బరువు కదా, పైకే తేలతాది."

"ఆ జవాబు పుస్తకంలో ఉందా?"

"పుస్తకం నేను సూణ్ణేదు కదా మాస్టారూ" అని నవ్వాడు. కాసేపాగి, "అలాటివి అడిగితే సదవాల్సిందే" అన్నాడు.

అలాంటివి అడుగుతారా లేదా అన్నదే ఆ బడి తేల్చుకోవాల్సిన విషయం. మీ బడిలో మొదటి ప్రశ్నపత్రం రాగానే పట్టుకుని చూడండి. 'అనగానేమి', 'నిర్వచింపుము', 'జాబితా రాయుము' ఉంటే టీచరు దగ్గరికి వెళ్లి అడగండి, ఇది పుస్తకం మూసే ప్రశ్న కదా సార్ అని.

ఆ పిల్ల గురించి మిగిలింది ఒకటుంది. నా ప్రశ్నలోని తల్లి వాళ్లమ్మలాంటిదేనని నాకు పరీక్ష అయ్యాక తెలిసింది. భూసేకరణ రోజుల్లో జీడితోటల్లో ఆమె పని పోయింది. కొలతలకి వచ్చిన ఒకతను "నీ పేర్న భూమి ఉందా? ఇల్లు పోతోందా? మరి నీకేటి?" అని పంపేశాడట. ఆ రాత్రి పిల్ల దిద్దిన తన జవాబు కాగితం వాళ్లమ్మకి చదివి వినిపించింది. వచ్చే ఆదివారం ఆమె హాలు గుమ్మం దగ్గర నిలబడింది.

"బాబూ, నువ్విచ్చిన ఆ కాయితం అప్పుడు మాకెవులూ సూపించనేదు" అంది. అంతే అని వెళ్లిపోయింది.

ఈ వారం ప్రశ్న ఆమె వల్లే రాశాను. అదే చట్టం పదహారో సెక్షన్ ఇచ్చాను. సేకరించే భూమి మీద ఆధారపడ్డ భూమిలేనివాళ్లు కోల్పోయే బతుకుతెరువు వివరాలు కూడా సర్వేలో సేకరించాలని అందులో ఉంది. ప్రశ్న ఇది: 'కూలి చేశానని కాగితం చూపించి నిరూపించుకోవాల్సింది ఆమెనా, లేక ఆమెను వెతికి లెక్కలో రాసుకోవాల్సింది ప్రభుత్వమా? చట్టంలోని మాటలు చూపించి రాయండి.'

పుస్తకం చూసి రాయొచ్చు. గంట టైము. మీరూ రాసి కింద పెట్టండి, దిద్దుతాను.